బేరం ముడిపడితే రెండు శాతం

ఇల్లు అమ్మిపెట్టినవాడు మగవాడైతే కమిషన్ ఇస్తారు. ఆడదైతే చీర పెడతారు. చెన్నైలో మా వాషర్‌మెన్‌పేటలో ఇది ఎవరూ రాయని చట్టం. నాకు అలా మూడు చీరలు వచ్చాయి. మొదటిది ఉతగ్గానే రంగు దిగింది. రెండోది మా ఆడబిడ్డకు పెట్టి మంచిదాన్ననిపించుకున్నాను. మూడోది కట్టుకుంటే ఒళ్ళంతా చిరచిరలాడుతుంది. ఆ మూడు ఇళ్ళ మీదా నాకు రావలసిన రెండు శాతం ఎంతో లెక్క వేయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. వేసిన రోజు బీపీ మాత్ర రెండు మింగాల్సి వస్తుంది.

నేనేమీ బ్రోకరు అవుదామని పుట్టలేదు. మా ముత్తాత కాలం నుంచీ ఈ పేటలోనే ఉన్నాం. ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. కొలతలు తీసేటప్పుడు ఆడవాళ్ళు ఊపిరి బిగబడతారు గానీ నోరు బిగబట్టరు. ఏ ఇంట్లో అన్నదమ్ములు విడిపోతున్నారు, ఎవరి మేడ మీద పోర్షన్ ఖాళీ అవుతోంది, ఎవరు అమ్మకానికి పెట్టారు, అన్నీ నా టేపు చివర వేలాడుతుండేవి. ఆ మాటలు ఈ చెవిలోంచి ఆ చెవికి చేరవేస్తే మనుషులకు ఇళ్ళు దొరికేవి. కొన్నాళ్ళకు జాకెట్ల కంటే ఇళ్ళ కోసం వచ్చేవాళ్ళే ఎక్కువయ్యారు.

అద్దె ఇళ్ళతో పేచీ లేదు. ఒక నెల అద్దె కమిషన్, తాళంచెవి చేతికిచ్చేటప్పుడే డబ్బు చేతిలో పడుతుంది. అమ్మకం అలా కాదు. ఇల్లు చూపించిన రోజుకీ రిజిస్ట్రేషన్ రోజుకీ నడుమ నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో ఇంటివాళ్ళకు మతిమరుపు వస్తుంది. ఏరు దాటేదాకా మల్లన్న, దాటాక బోడి మల్లన్న. "నువ్వు ఊరికే చెప్పావు, బేరం చేసింది ఆయన కదా" అంటారు. ఆయన అంటే రిజిస్ట్రార్ ఆఫీసు పక్క టీకొట్టులో పొద్దుటి నుంచీ బెంచీ అరగదీసే పెద్ద బ్రోకరు. తమిళాయన. తెల్లచొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకుంటాడు. ఒక్కదానితోనూ ఆయన రాయగా నేను చూడలేదు. ఆయన చేసిందల్లా చివరి రోజు వచ్చి పార్టీల మధ్య నిలబడి గొంతు సవరించుకోవడం. ఆ సవరింపుకు రెండు శాతం, నా ఆరునెలల తిరుగుడుకు చీర.

మూడో చీర తర్వాత నాకు ఒళ్ళు మండింది. ఇక కాగితం మీద రాసుకోకుండా ఏ ఇంటి గడపా తొక్కకూడదనుకున్నాను. మా పేటలో అంతదాకా ఏ బ్రోకరూ ఇంటివాళ్ళతో కమిషన్ అగ్రిమెంటు రాసుకోలేదు. అంతా నోటి మాటే. అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీల దగ్గర పనిచేసేవాళ్ళు రాసుకుంటారని విన్నాను. వాళ్ళకు ఏసీ గది, ప్రింటరు ఉంటాయి. నాకు జాకెట్ల మిషను, నోరు ఉన్నాయి.

అప్పుడే టీచరమ్మ కబురు పెట్టింది.

టీచరమ్మ అంటే మా కార్పొరేషన్ బడిలో తెలుగు చెప్పిన ఆవిడ. ఐదు నుంచి ఎనిమిది దాకా నేను ఆవిడ చేతి కింద నలిగాను. డిక్టేషన్‌లో పది మాటలకు ఏడు తప్పులు రాసేదాన్ని. మిగతా మూడు పక్క పిల్ల నోటుబుక్కులో చూసి రాసినవి. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. తండ్రి ఆవిడ పేరున సెటిల్‌మెంట్ రాసిచ్చిన పాత ఇంట్లో మేడ మీద ఒక్కతే ఉంటుంది, కింద అద్దెవాళ్ళు. డెబ్బై దాటింది. మోకాళ్ళు అరిగిపోయి మేడమెట్లు ఎక్కడం గండమైంది. ఆ ఇల్లు అమ్మి, లిఫ్టు ఉన్న చోట చిన్న ఫ్లాటు కొనుక్కుంటానంది. నాకు యాభై ఏళ్ళు వచ్చినా, మనవరాలు పుట్టినా, ఆవిడకు నేను ఇంకా డిక్టేషన్ తప్పిన పిల్లనే. "ఏమే" అనే పిలుస్తుంది. ఆవిడ అలా పిలిస్తే నాకు చెవి పిండినట్టుగా ఉంటుంది, ఎవరో నా ముందు గిన్నెడు పాయసం పెట్టినట్టుగానూ ఉంటుంది.

కాగితం రాసుకుందాం టీచర్ అన్నాను. ఆవిడ ఎగిరిపడుతుందనుకున్నాను. ఎగిరిపడలేదు సరిగదా, స్టాంపు పేపరు తెచ్చావా అని అడిగింది. తెచ్చాను. నేను తమిళంలో టైపు చేయిద్దామన్నాను. ఇద్దరమూ తెలుగువాళ్ళమై ఉండి అరవంలో ఎందుకు రాసుకోవాలని మందలించింది. నన్ను చెప్పమని, తను రాస్తానని పెన్ను మూత తీసింది. మళ్ళీ డిక్టేషనే. ఈసారి చెప్పేది నేను.

నాకు తోచినవన్నీ చెప్పాను. అమ్మిన ధరలో రెండు శాతం. ఈ రోజు నుంచి తొంభై రోజులు ఇల్లు నా చేతిలోనే ఉండాలి, వేరే బ్రోకరుకు చెప్పకూడదు. చెప్పినా, ఎవరు అమ్మినా, ఆ తొంభై రోజుల్లో నా రెండు శాతం నాదే. ఇక్కడ ఆవిడ పెన్ను ఆగింది. తన ఇల్లు తనే అమ్ముకుంటే ఏమిటని అడిగింది. అప్పుడూ నాదేనన్నాను. లేకపోతే నేను పార్టీలను తెచ్చి చూపిస్తుంటే వెనకనుంచి వాళ్ళు ఆవిడతో నేరుగా మాట్లాడుకుంటారు, ఇలాంటివి నాకు మూడు చీరల అనుభవం అన్నాను. ఆలోచించి ఒప్పుకుంది. కానీ కింద అద్దెకున్నవాళ్ళు అంతకుముందే ఇల్లు అడిగి ఉన్నారు, వాళ్ళు కొంటే మాత్రం నీకు పైసా లేదు అంది. న్యాయమే. రాసుకున్నాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరినీ తీసుకురాకూడదు, ఆవిడ నిద్రపోతుంది. అదీ రాసింది. ఏ కోర్టులోనూ చెల్లని షరతు గానీ, దానికి నేను ఎక్కువ భయపడ్డాను.

అసలు సంగతికి వచ్చాం. కమిషన్ ఎప్పుడు వచ్చినట్టు? ఇల్లు చూపిస్తేనా, ధర కుదిరితేనా, అడ్వాన్సు ఇస్తేనా, రిజిస్ట్రేషన్ అయితేనా? బ్రోకరు బతుకంతా ఈ ప్రశ్న మీదే వేలాడుతుంది. నేను చెప్పింది ఒక్క మాట.

"తొంభై నాళ్ళ లోపల బేరం ముడిస్తే నాకు రెండు శాతం."

టీచరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ముడిస్తే అంటే ఏందే? అది తెలుగూ గాదు, అరవమూ గాదు."

నాకు తెలిసిన భాషలో అది మాటే. మేమంతా పనైపోతే ముడిసింది అంటాం, అన్నం తినడం అయితే ముడిసింది అంటాం, మనిషి పోయినా ముడిసిందనే అంటాం. తమిళంలో ముడింజది అంటే అయిపోయిందని. అది మా నోళ్ళలో నాని నాని తెలుగైపోయింది. ఇదంతా చెబితే క్లాసు పీకుతుందని, మీకు ఏది సరి అనిపిస్తే అది రాయండి టీచర్ అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "బేరము ముడిపడినచో" అని రాసింది. చదివి వినిపించింది. ముడి ఉంది కదా, సరిపోయిందనుకున్నాను. ఆ తర్వాత ఆవిడ రెండో కాగితం తీసి ఇంకేదో చాలా సేపు రాసింది. అప్పటికే నేను వాళ్ళ మేడ పిట్టగోడ మీద పగుళ్ళు ఎలా దాచాలా అని చూస్తున్నాను. సంతకం పెట్టమంటే రెండిట్లోనూ పెట్టాను. కింద అద్దెకుండే ఇంటాయన, వీధి చివర జిరాక్స్ కొట్టు ఆయన సాక్షి సంతకాలు పెట్టారు. ఆమె దగ్గర ఒరిజినల్, నా దగ్గర జిరాక్స్. దాన్ని రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు ఉన్న కవరులో పెట్టి బీరువాలో దాచాను. నాకది పట్టా దొరికినంత గర్వం.

ఆ తర్వాత పార్టీలను తిప్పడం మొదలు. ఒకడు వాస్తు చూసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ వాస్తు మనిషి వంటగదిలో నిలబడి ఇది మృత్యుస్థానం అన్నాడు. డెబ్బై మూడేళ్ళుగా ఆ వంటగదిలోనే తిని ఆవిడ ఇంకా తప్పులు దిద్దుతోంది మహానుభావా అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంకోసారి నలుగురు అన్నదమ్ములు వచ్చి, గజం టేపుతో గోడ గోడా కొలిచి, నాలుగు వాటాలు వేసుకుని, ఎవరికి వీధి వైపు అన్న దానిమీద మెట్ల మీదే తన్నుకోబోయారు. ఒక లాయరు వచ్చి అరగంట కూర్చుని కాఫీ తాగి, పక్క వీధిలో ఇల్లు ఉంటే చెప్పమన్నాడు. పత్రికలో ప్రకటన, ఆటోలు, ఫోన్లు అన్నీ నా చేతి డబ్బే. అగ్రిమెంటులో అలాగే ఉంది, నేనే చెప్పాను.

నలభై ఏడో రోజున సౌకార్‌పేట నుంచి స్టీలు సామాను హోల్‌సేల్ వ్యాపారి వచ్చాడు. గొడౌనుకు పనికొస్తుందని చూశాడు. మెట్లు చూడలేదు, పగుళ్ళు చూడలేదు, లారీ వీధిలోకి తిరుగుతుందా లేదా అని మాత్రం చూశాడు. తిరిగింది. రెండు సిట్టింగుల్లో ధర కుదిరింది. ఎంతకు కుదిరిందో చెప్పను, కళ్ళు పడతాయి. యాభై రెండో రోజున టీచరమ్మ ఇంట్లోనే సేల్ అగ్రిమెంటు మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. అడ్వాన్సు చెక్కు ఇచ్చాడు. మూడు నెలల్లోపు రిజిస్ట్రేషన్ అని రాసుకున్నారు గానీ, అంతదాకా ఎందుకు, నెలరోజుల్లో ముగించేస్తానన్నాడు. సాక్షి సంతకం నాది. ఆ పూట మా ఇంట్లో సేమియా పాయసం. ఇంకో ముప్పై ఎనిమిది రోజులు చేతిలో ఉన్నాయి, అంతలో రిజిస్ట్రేషన్ అయిపోతుంది, మొదటిసారి ఒక ఇంటి మీద నా రెండు శాతం నాకు వస్తుంది.

అక్కడే తంటా వచ్చింది. వ్యాపారికి ఆయన ఆడిటరు చెవిలో ఊదాడు, మొత్తం చేతి డబ్బు పెట్టకు, బ్యాంకు లోను తీసుకో అని. బ్యాంకు అంటే లాయరు. లాయరు అంటే కాగితాలు. ముప్పై ఏళ్ళ విల్లంగం సర్టిఫికెట్ కావాలి, మూల పత్రాలు కావాలి, తండ్రి మరణ సర్టిఫికెట్ కావాలి. విల్లంగం అంటే ఆస్తి మీద తాకట్టులూ తగాదాలూ ఉన్నాయో లేదో చెప్పే కాగితం. అది నేనే రిజిస్ట్రార్ ఆఫీసులో తిరిగి తెచ్చిచ్చాను. మిగిలినవి టీచరమ్మ ఇవ్వాలి.

అరవై ఐదో రోజు అడిగాను. వస్తాదిలే అంది. డెబ్బై రెండో రోజు అడిగాను. మరణ సర్టిఫికెట్ ఒక్కటే, చూస్తా ఉండానే అంది. ఎనభయ్యో రోజు వెళ్తే తలుపుకు తాళం. ఎనభై రెండు, తాళం. మోకాళ్ళు కదలని మనిషి రోజూ ఎక్కడికి పోతోంది? ఒక్క కాగితం కోసం ఇన్ని రోజులా?

ఎనభై ఐదో రోజున టీకొట్టు దగ్గర పెద్ద బ్రోకరు పలకరించాడు. ఇల్లు ఎంతదాకా వచ్చిందని తమిళంలో అడిగాడు. నేను గొప్పకు పోయి అగ్రిమెంటు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు, అది ఇంకా మంట. ఏమి రాసుకున్నావని అడిగాడు. ఆ తాళం చూసిన రోజు నుంచీ జిరాక్స్ బీరువాలోంచి తీసి సంచిలోనే పెట్టుకుని తిరుగుతున్నాను కాబట్టి మొదటి పేజీ చదివాను. తెలుగు చదవడం ఆయనకు రాదు. "తొంభై దినములలోగా బేరము ముడిపడినచో" అనగానే ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ముడింజా దా కాసు అన్నాడు, అంటే అయిపోతేనే డబ్బు. తర్వాత బెంచీ మీద ఉన్న అందరికీ వినబడేట్టు పాఠం చెప్పాడు. రిజిస్ట్రేషన్ తొంభై ఒకటో రోజున పెట్టుకుంటే నీకు ఏమీ రాదు. ఈ పని తెలిసినవాళ్ళు, నేను తెచ్చిన పార్టీ గడువు దాటాక కొన్నా నా కమిషన్ నాకేనని ఇంకో వాక్యం రాయిస్తారు. నువ్వు రాయించావా? లేదు. మరి ఇంటావిడ కాగితాలు ఎందుకు ఆలస్యం చేస్తోందనుకున్నావు? అప్పుడు నవ్వాడు. ఈసారి పట్టుచీర పెడుతుందిలే అన్నాడు.

ఆ వీధి నుంచి మా ఇంటికి ఎలా నడిచానో నాకు తెలియదు. నా పెట్టుబడి సంగతి అటుంచండి. ఎవడో చేస్తే కడుపు మండి ఊరుకునేదాన్ని. మా టీచరమ్మ చేసింది. నాకు అక్షరాలు దిద్దిన మనిషి, ఆ అక్షరాలతోనే నా గొంతు కోసింది. మూడు రాత్రులు నిద్ర లేదు. జిరాక్స్ తీసి మొదటి పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. ముడిపడినచో, ముడిపడినచో. నా చేత్తో నేనే ఉరి బిగించుకున్నాను. రెండో పేజీ పిన్ను కింద అలాగే ఉంది. దాన్ని తిప్పితే కోపం చల్లారిపోతుందేమోనని నా కోపానికే తెలుసేమో, వేలు అటు పోలేదు.

ఎనభై ఎనిమిదో రోజు పొద్దున వాళ్ళ వీధిలోకి వెళ్ళాను. నీళ్ళ లారీ వచ్చి ఉంది. బిందెలతో వీధి వీధంతా బయటే ఉంది. టీచరమ్మ మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. పైకి వెళ్ళి మాట్లాడవలసిన మాట. నేను కిందనుంచే అరిచాను.

"పిల్లకాయలకు నీతులు చెప్పినావే, ఇదా నీ నీతి? నా రెండు శాతం మింగేదానికి కాగితాలు దాచిపెట్టుకోని ఉండావు నువ్వు."

నువ్వు. నలభై ఏళ్ళలో ఆవిడను నేను నువ్వు అనలేదు. మా పేటలో ఎవరూ అనలేదు. కుళాయిలాగా ఒకసారి తిప్పాక ఇక ఆగలేదు. పెన్షను సరిపోలేదా అన్నాను. ఒంటి కట్టెవు, ఎవరికి పెడతావని ఈ దొంగబుద్ధి అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు నా నాలుక మీద వాత పెట్టుకున్నా తప్పు లేదు. బిందెలు పట్టుకున్నవాళ్ళు నీళ్ళు పొంగిపోతున్నా చూడకుండా నన్ను చూశారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ పూట నా నోటికి ఊరంతా నిలబడిపోయింది.

టీచరమ్మ పిట్టగోడ దగ్గరనుంచి లోపలికి పోయింది. పారిపోయిందనుకుని ఇంకొంచెం రెచ్చిపోయాను. కాసేపటికి ఆవిడ మెట్లు దిగడం వినబడింది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, గోడ పట్టుకుని దిగింది. చేతిలో అగ్రిమెంటు ఒరిజినల్ ఉంది. నాకు ఇచ్చింది. రెండో పేజీ చదవమంది.

చదివాను. మొదట మనసులో చదవబోతే పైకి చదవమంది. అందరి ముందూ పైకి చదివాను. "ముడిపడుట అనగా ధర కుదిరి, కొనువారి వద్ద అడ్వాన్సు పుచ్చుకొని, సేల్ అగ్రిమెంటుపై ఇరువురూ సంతకము చేయుట. ఆ దినము తొంభై దినములలోపు ఉన్న యెడల, రిజిస్ట్రేషన్ ఎన్నడు జరిగినను కమిషన్ ఏజెంటుకు చెందును. చెల్లింపు రిజిస్ట్రేషన్ దినమున. కొనువారు వెనుకంజ వేసిన యెడల కమిషన్ లేదు. అమ్మువారు వెనుకంజ వేసిన యెడల కమిషన్ మొత్తము చెల్లించవలెను."

ముడి అంటే అయిపోవడం కాదు, ముడి అంటే ముడే. రెండు కొంగులు కలిపి వేసేది. అది యాభై రెండో రోజునే పడింది. ఆ రోజు నుంచే రెండు శాతం నాది. తను అమ్మకం మానుకున్నా నాకు మొత్తం ఇస్తానని, నేను అడగకుండానే, నాకు తట్టనైనా తట్టకుండానే ఆవిడ రాసింది. నేను చెప్పినట్టు ముడిస్తే అని రాసి ఉంటే పెద్ద బ్రోకరు చెప్పిందే నిజమయ్యేది. డిక్టేషన్‌లో నా తప్పు దిద్ది ఆవిడ నా కమిషన్ కాపాడింది. నేను దిద్దిన కాగితం చదవలేదు, బళ్ళో చదవనట్టే.

మరణ సర్టిఫికెట్ సంగతి కింది ఇంటాయన చెప్పాడు. అందులో వాళ్ళ నాన్న పేరు ఒక అక్షరం తప్పు పడిందట. బ్యాంకు లాయరు ఒప్పుకోలేదట. దాన్ని సరిచేయించడానికి ఆవిడ కార్పొరేషన్ ఆఫీసు మెట్లు నాలుగు సార్లు ఎక్కిందట. ఒకరోజు ఆటో దిగేసరికి కాలు వాచిపోయి కింది ఇంటివాళ్ళు పైకి మోసుకెళ్ళారట. నాకెందుకు చెప్పలేదని అడగబోయాను. ఏ నోటితో అడుగుతాను?

తప్పైపోయింది టీచర్ అన్నాను. కాళ్ళు పట్టుకోబోయాను. మోకాలు నొప్పిగా ఉందని ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. కాగితం అడిగి తీసుకుని, మడతపెట్టి, మళ్ళీ ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళింది. నీళ్ళ లారీవాడు కూడా హారను కొట్టకుండా వెళ్ళాడు.

తర్వాత మూడు సార్లు వెళ్ళాను. ఒకసారి పళ్ళు, ఒకసారి మోకాలికి పూసే నూనె, ఒకసారి వట్టి చేతులు. మూడుసార్లూ కింది ఇంటాయనే ఎదురొచ్చి, రిజిస్ట్రేషన్ రోజున రమ్మన్నారని చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో, నలభై ఏళ్ళ కింద ఆవిడ అర్థం రాయమన్నప్పుడు రాయలేకపోయాను. ఇప్పుడు రెండు పేజీలు రాయగలను.

రిజిస్ట్రేషన్ నూట పదహారో రోజున అయింది. టోకెన్ పిలిచేదాకా బెంచీ మీద ఆవిడ ఒక చివర, నేను ఒక చివర. ఫొటో తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు, వ్యాపారి మిగతా డబ్బుకు డీడీలు ఇచ్చాడు. పెద్ద బ్రోకరు అలవాటుగా వచ్చి నిలబడి గొంతు సవరించుకున్నాడు. టీచరమ్మ ఆయన వైపు తిరిగి, మీరెవరు అని తమిళంలో అడిగింది. ఇంకో రోజైతే ఆ ఒక్క ప్రశ్నకు నేను వారం రోజులు నవ్వుకునేదాన్ని.

బయట వరండాలో ఆవిడ సంచిలోంచి చెక్కు తీసింది. ముందే రాసి తెచ్చింది. రెండు శాతం, చివరి రూపాయి దాకా. ఇరవై ఏళ్ళుగా నేను కోరుకున్నది అదే. ఒక ఇంటి యజమాని నా పేరు చెక్కు మీద రాసి, మగ బ్రోకరుకు ఇచ్చినట్టే నాకూ ఇవ్వడం. చెయ్యి చాపాను.

"మీ పేరు సరిగ్గా ఉండాదా చూసుకోండి" అంది. "రసీదు ఒకటి రాసియ్యండి."

మొదట నాకు అర్థం కాలేదు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

"నన్ను అట్లా అనొద్దు టీచర్. ఎప్పటిమాదిరే పిలవండి" అన్నాను.

"కమిషన్ తీసుకునేవాళ్ళను అట్లా పిలవగూడదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

రసీదు రాసిచ్చాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అక్షరాలు వంకరగా పడ్డాయి. ఆవిడ చదివి, మడిచి, సంచిలో పెట్టుకుని, నమస్కారం పెట్టింది. నాకు, చేతులు రెండూ జోడించి. ఆటో ఎక్కించబోతే, పరవాలేదండీ అంది.

రెండు రోజుల తర్వాత చెక్కు పాసైంది. ఒక్క రూపాయి తక్కువ లేదు.